జెంటామైసిన్ లెవెల్ ఎక్కువ వస్తే డోసు తగ్గించకుండా టైమ్ ఎందుకు పెంచారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు 32 వారాలకే పుట్టాడు, బరువు కిలోన్నర. పుట్టగానే ఏడవలేదు, ఊపిరి అందించి ఎన్‌ఐసీయూలో పెట్టారు. మొదటి రెండు రోజులు ఒంటేలు సరిగ్గా పోయలేదు. ఇన్ఫెక్షన్ అని ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టారు. సోమవారం ఉదయం 10కి జెంటా ఇచ్చి, తర్వాతది మంగళవారం రాత్రి 10కి అన్నారు. తీరా ఆ టైమ్‌కి రక్తం తీసి, మందు లెవెల్ 2.4 వచ్చిందని ఇంజక్షన్ ఆపేశారు. బుధవారం ఉదయం 1.4 వచ్చాక ఇచ్చారు. ఆ తర్వాత 48 గంటలకు ఒకటి చొప్పున ఇచ్చారు. శుక్రవారం 0.8 వచ్చింది. మొత్తం ఏడు రోజుల కోర్సుకి నాలుగే ఇంజక్షన్లు. మా చెల్లెలి పాపకి వేరే హాస్పిటల్‌లో ఇదే మందు రోజూ ఇచ్చారు. ఆ పాప నెలలు నిండి పుట్టింది, మూడు కిలోలు. మా బాబుకి మందు తక్కువ పడిందా? లెవెల్ ఎక్కువ వస్తే డోసు తగ్గించి రోజూ ఇవ్వొచ్చు కదా? ఈ మందు చెవులకు దెబ్బ అంటారు. మా అత్తగారికి ఎప్పుడో టీబీ ఇంజక్షన్లు చేయించుకున్నాక వినికిడి తగ్గింది, అందుకే మా ఆవిడకి ఒకటే టెన్షన్. బాబుకి ఇప్పుడు నెలన్నర. ఓఏఈ అనే వినికిడి పరీక్ష పాస్ అయ్యాడు. ఇంకేమైనా పరీక్ష కావాలా?

— ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: మంగళవారం రాత్రి ఆ డోసు ఆపడం సరైన పనే. మీ బాబుకి మందు తక్కువ పడలేదు, మీరు రాసిన మూడు లెవెల్స్‌ చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. మీ ఉత్తరంలో నన్ను ఆలోచనలో పడేసింది మీ అత్తగారి వినికిడి సంగతి. దాని దగ్గరికి చివర్లో వస్తాను, ముందు లెక్క చూద్దాం.

జెంటామైసిన్ బ్యాక్టీరియాని చంపే తీరు ఆంపిసిలిన్ లాంటిది కాదు. ఆంపిసిలిన్ రక్తంలో ఎంత ఎక్కువసేపు ఉంటే అంత బాగా పని చేస్తుంది, అందుకే దాన్ని రోజుకి రెండు మూడు సార్లు ఇస్తారు. జెంటామైసిన్‌కి ఎంతసేపు ఉందన్నదానికన్నా ఎంత ఎత్తుకి చేరిందన్నది ముఖ్యం. ఇంజక్షన్ అయిపోయిన అరగంటకి రక్తంలో ఉండే మోతాదుని పీక్ అంటాం. బ్యాక్టీరియాని ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో, పీక్ దానికి ఎనిమిది పది రెట్లు ఉంటే దెబ్బ గట్టిగా పడుతుంది. మందు దిగిపోయాక కూడా దెబ్బతిన్న బ్యాక్టీరియా వెంటనే కోలుకోలేదు, కొన్ని గంటలపాటు పెరగకుండా ఉండిపోతుంది. కాబట్టి మధ్యలో మందు దాదాపు ఏమీ లేని సమయం వచ్చినా చికిత్సకి లోటు రాదు.

కిడ్నీ, చెవి విషయంలో లెక్క వేరు. కిడ్నీలోని సన్నని నాళాల కణాలు ఈ మందుని లోపలికి లాక్కుంటాయి. ఆ లాక్కోవడానికి ఒక హద్దుంది: రక్తంలో పీక్ రెండింతలు అయినంత మాత్రాన కణంలోకి వెళ్ళేది రెండింతలు కాదు. అదే మందు కొద్దికొద్దిగా రోజంతా రక్తంలో నిలిచి ఉంటే మాత్రం కణాలు ఆపకుండా లాక్కుంటూనే ఉంటాయి. అంటే కిడ్నీకి ఎత్తైన పీక్ కన్నా దిగకుండా నిలబడిన మందే ఎక్కువ ప్రమాదం. తర్వాతి డోసుకి ముందు రక్తంలో మిగిలి ఉన్నదాన్ని ట్రఫ్ అంటాం. మీకు చెప్పిన 2.4 అదే, లీటరు రక్తంలో 2.4 మిల్లీగ్రాములు అని. రిపోర్టులో మిల్లీలీటరుకి మైక్రోగ్రాములని ఉన్నా అంకె మారదు.

ఈ రెండు సంగతులూ కలిస్తే పద్ధతి దానంతటదే తేలుతుంది. డోసు పెద్దదిగా ఇవ్వాలి, అది పూర్తిగా దిగేదాకా ఆగాలి, మళ్ళీ పెద్దదే ఇవ్వాలి. ఎంతసేపు ఆగాలన్నది బిడ్డ కిడ్నీల చేతిలో ఉంటుంది, ఎందుకంటే ఈ మందు దాదాపు మొత్తం కిడ్నీల గుండానే బయటికి పోతుంది.

అప్పుడే పుట్టిన పిల్లల్లో ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది నీరు. పెద్దవాళ్ళకన్నా పసిబిడ్డ ఒంట్లో నీటి వాటా ఎక్కువ, నెలలు నిండకుండా పుడితే ఇంకా ఎక్కువ. జెంటామైసిన్ నీటిలో కలిసే మందు, కొవ్వులోకి వెళ్ళదు. నీళ్ళెక్కువ పోసిన చారుకి ఉప్పు ఎక్కువ పట్టినట్టే, అదే పీక్ రావాలంటే ఈ పిల్లలకి కిలోకి పెద్ద డోసు కావాలి. రెండోది కిడ్నీలు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ వ్యర్థాలని బయటికి పంపే పని తల్లిది. పుట్టాకే బిడ్డ కిడ్నీలు అసలు పనిలోకి దిగుతాయి, మొదటి రెండు వారాల్లో వాటి వేగం దాదాపు రెట్టింపవుతుంది. పైగా కిడ్నీ వడపోత గదులు తయారవడం 34, 36 వారాల దాకా సాగుతుంది. 32 వారాలకి పుట్టిన బిడ్డలో ఆ పని ఇంకా పూర్తి కాలేదన్నమాట.

అందుకే నవజాత శిశువుల్లో డోసు పట్టిక బరువు ఒక్కటే చూడదు. ఎన్ని వారాలకి పుట్టాడు, పుట్టి ఎన్ని రోజులైంది అన్నవి కూడా చూస్తుంది. చాలా ఎన్‌ఐసీయూల్లో వాడే ఒక పట్టిక ప్రకారం మొదటి వారంలో ఇలా ఉంటుంది: 29 వారాలు, అంతకన్నా ముందు పుట్టినవాళ్ళకి కిలోకి 5 మిల్లీగ్రాములు 48 గంటలకొకసారి. 30 నుంచి 34 వారాల వాళ్ళకి కిలోకి 4.5 మిల్లీగ్రాములు 36 గంటలకొకసారి. 35 వారాలు, ఆపైన పుట్టినవాళ్ళకి కిలోకి 4 మిల్లీగ్రాములు 24 గంటలకొకసారి. అంకెలు హాస్పిటల్‌ని బట్టి కొంచెం మారతాయి. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లో మొదలుపెట్టేటప్పుడు అందరికీ కిలోకి 5 మిల్లీగ్రాములు, 36 గంటల గడువు. వారాలని బట్టి విడదీసే పట్టికల్లో దారి ఒకటే: బిడ్డ ఎంత చిన్నదైతే గడువు అంత పొడుగు, కిలో లెక్కన డోసు మాత్రం తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా.

ఇప్పుడు మీ చెల్లెలి పాపనీ మీ బాబునీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇవి కచ్చితమైన కొలతలు కావు, ఆ వయసు పిల్లల్లో మామూలుగా కనిపించే అంకెలతో వేసిన అంచనా. పాపకి మూడు కిలోలు, 12 మిల్లీగ్రాములు ఇచ్చి ఉంటారు, పీక్ 9 దగ్గర ఉంటుంది. నెలలు నిండిన బిడ్డలో మొదటి వారం ఈ మందు సగమవడానికి సుమారు 6 గంటలు పడుతుంది. 24 గంటల్లో నాలుగుసార్లు సగమవుతుంది: 9 నుంచి 4.5, తర్వాత 2.2, తర్వాత 1.1, చివరికి అర దగ్గరికి. మీ బాబుకి కిలోకి 4.5 చొప్పున 6.75 మిల్లీగ్రాములు. పీక్ ఇక్కడా 9 దగ్గరే. 32 వారాల బిడ్డలో సగమవడానికి 9 గంటలు అనుకుంటే 36 గంటల్లో సరిగ్గా నాలుగుసార్లు సగమై, ఇక్కడా అర దగ్గరికే వస్తుంది. ఇద్దరికీ అదే దెబ్బ, అదే విశ్రాంతి. గడియారం ఒక్కటే వేరు.

అయితే మీ బాబు విషయంలో పట్టికకి తెలియని సంగతి ఒకటుంది. పుట్టగానే ఏడవలేదు, అంటే కాసేపు ఆక్సిజన్ అందలేదు. అలాంటప్పుడు ఒళ్ళు రక్తాన్ని మెదడుకీ గుండెకీ మళ్ళిస్తుంది, కిడ్నీలకి కోత పడుతుంది. మూత్రం సరిగ్గా రాకపోవడం దాని గుర్తే. మరి కిడ్నీల పనితీరు కోసం రక్తంలో చూసే క్రియాటినిన్‌తో తెలిసిపోదా అని అడుగుతారేమో. మొదటి రెండు మూడు రోజులు బిడ్డ రక్తంలో కనిపించే క్రియాటినిన్‌లో చాలా భాగం తల్లి నుంచి వచ్చినదే. అది బిడ్డ కిడ్నీల గురించి పెద్దగా చెప్పదు. ఆ రోజుల్లో కిడ్నీ ఈ మందుని ఎంత వేగంగా పంపుతోందో తెలియాలంటే మందునే కొలవడం నమ్మకమైన మార్గం. లెవెల్ చూడటానికి అసలు కారణం ఇదే, మందు పని చేస్తోందా లేదా అని చూడటానికి కాదు.

మీ అంకెలు వేసుకుందాం. సోమవారం ఉదయం 11కి పీక్ 9 అనుకోండి (కొలవలేదు, అంచనా). మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో 2.4. అంటే ముప్పై నాలుగున్నర గంటల్లో రెండుసార్లు కూడా సగమవలేదు. సగమవడానికి 18 గంటలు పడుతోందని లెక్క తేలుతుంది. పట్టిక ఊహించినదానికి రెట్టింపు సమయం. ఆ రాత్రే రెండో డోసు ఇచ్చి, కిడ్నీల వేగం అలాగే ఉండి ఉంటే, మిగిలిన దానికి కొత్తది తోడై పీక్ 11 దాటేది. దానికి పెద్దగా భయపడనక్కర్లేదు. కానీ మరో 36 గంటల తర్వాత, మూడో డోసు ముందు, ట్రఫ్ మూడు దగ్గర ఉండేది. ప్రతి డోసుతో అడుగు మట్టం పైకి జరుగుతూ పోయేది.

మామూలుగా ట్రఫ్ 1 లోపు ఉండాలని కోరుకుంటాం. రెండో డోసుకి ముందు తీసిన రక్తంలో 1కీ 2కీ మధ్య ఉంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు, కోర్సు కొనసాగేటప్పుడు 1 లోపే ఉండాలంటారు. 2 దాటితే మాత్రం ఆగాల్సిందే. మీ డాక్టర్ 2.4 చూసి ఆగారు. పదకొండు గంటలు గడిచాక, బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకి మళ్ళీ చూస్తే 1.4. ఈ రెండు అంకెల మధ్య లెక్క వేస్తే సగమయ్యే సమయం 14 గంటలకి వచ్చింది. కిడ్నీలు తేరుకుంటున్నాయన్నమాట. అప్పుడు, మొదటి డోసుకి 48 గంటలకి, రెండోది ఇచ్చారు. శుక్రవారం 0.8 అంటే సగమయ్యే సమయం 12, 13 గంటలకి దిగింది. 18, 14, 12: బాబు కిడ్నీలు రోజురోజుకీ ఎలా కోలుకున్నాయో ఆ కాగితం మీదే ఉంది. నిజానికి రెండో లెవెల్ తీయడమే ఈ కేసులో మంచి ఆలోచన. ఒక్క 2.4 చూసి ఊరుకుంటే, ఆగాలని తెలుస్తుంది గానీ ఎంతసేపు ఆగాలో తెలియదు.

ఇక డోసు తగ్గించి ఇవ్వొచ్చు కదా అన్నది. మా చదువు రోజుల్లో పుస్తకాలు చెప్పింది దాదాపు అదే: కిలోకి 2.5 మిల్లీగ్రాములు, 12 గంటలకొకసారి. సగమవడానికి 9 గంటలు పట్టే బిడ్డకి అలా ఇస్తే మొదటి పీక్ 5 దగ్గరే ఆగిపోతుంది. ఇన్ఫెక్షన్ బిడ్డని ముంచేసే మొదటి రోజునే మందు బలహీనంగా ఉంటుందన్నమాట. రెండు మూడు రోజులకి పీక్ 8కి చేరుతుంది గానీ, ట్రఫ్ 3 దాటి అక్కడే కూర్చుంటుంది. దెబ్బ ఆలస్యం, హాని ముందే. మీ బాబుకి సగం డోసు చేసి 36 గంటలకొకసారి ఇచ్చి ఉంటే, పాత మందు పోయేకొద్దీ పీక్ 6 కిందికి జారేది. అందుకే నా మాట ఎప్పుడూ ఒకటే: ట్రఫ్ ఎక్కువ వస్తే గడువు పొడిగించండి, డోసు మీద చెయ్యి వేయకండి. పీక్ కొలిచి అది మరీ ఎక్కువ ఉందని తేలినప్పుడే డోసు తగ్గించే ఆలోచన చేయాలి. నాలుగు ఇంజక్షన్లకే ఏడు రోజులు ఎలా గడిచాయని మీకు అనిపించింది గానీ, ఆ నాలుగూ పూర్తి డోసులు. మధ్యలో ఆంపిసిలిన్ తన పని తాను చేస్తూనే ఉంది.

లెవెల్ అంకె ఎంత పనికొస్తుందన్నది రక్తం తీసిన పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది. ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. మందు ఎక్కించిన లైన్ నుంచే రక్తం తీస్తే ఆ ట్యూబులో అంటుకున్న మందు కలిసి అంకె అబద్ధంగా పెరుగుతుంది, కాబట్టి వేరే చోటు నుంచి తీయాలి. ఆంపిసిలిన్ లాంటి పెనిసిలిన్ మందులు జెంటామైసిన్‌ని నిర్వీర్యం చేస్తాయి. రెండూ ఒకే సిరంజిలో కలపకూడదు, ఒకే లైన్‌లో ఇవ్వాల్సి వస్తే మధ్యలో సెలైన్‌తో కడగాలి. తీసిన రక్తం గంటల తరబడి బల్ల మీద ఉండిపోయినా ట్యూబులో ఇదే జరుగుతూ అంకె తగ్గిపోతుంది. అన్నిటికన్నా మామూలు తప్పు టైమ్ రాయకపోవడం. 36 గంటలకి తీయాల్సింది 30 గంటలకే తీసి, కాగితం మీద 'ట్రఫ్' అని రాస్తే, మంచి కిడ్నీలున్న బిడ్డకి కూడా అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఆశ్చర్యపరిచే అంకె వచ్చిందంటే ముందు చూడాల్సింది ఇంజక్షన్ టైమ్, రక్తం తీసిన టైమ్. బిడ్డకి మూత్రం బాగా వస్తూ అంకె మాత్రం ఎక్కువ వస్తే నాకు మొదట శాంపిల్ మీదే అనుమానం.

అసలు మందు సిరంజిలోకి ఎక్కించేటప్పుడు జరిగే తప్పు ఇంకొకటుంది. మన దగ్గర జెంటామైసిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములున్నది, 40 ఉన్నది. మీ బాబు డోసు 6.75 మిల్లీగ్రాములు మొదటి రకంలో 0.675 మిల్లీలీటర్లు, రెండో రకంలో 0.17. సీసా మారిపోయి, కొలత మారకపోతే నాలుగింతల మందు వెళ్తుంది. అందుకే మంచి యూనిట్లలో ఈ ఇంజక్షన్‌ని ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కేసి సరిచూస్తారు.

అందరికీ లెవెల్ చూడాలా అంటే అక్కర్లేదు. నెలలు నిండిన బిడ్డ, మూత్రం బాగా వస్తోంది, రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే కల్చర్ పరీక్షలో ఏమీ రాక రెండు రోజుల్లో మందు ఆపేస్తారు అనుకుంటే రక్తం పోగొట్టడం తప్ప లాభం లేదు. మీ చెల్లెలి పాపకి చూడకపోతే అది లోటు కాదు. నెలలు తక్కువైన బిడ్డ, పుట్టగానే ఏడవని బిడ్డ, మూత్రం తగ్గిన బిడ్డ, గుండె దగ్గర మూసుకోని రక్తనాళం కోసం ఐబుప్రోఫెన్ తీసుకుంటున్న బిడ్డ (ఆ మందు కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది), మూడు నాలుగు రోజులు దాటి కోర్సు సాగే బిడ్డ, వీళ్ళకి చూడాలి. లెవెల్ చూసే వీలు లేని ఎస్‌ఎన్‌సీయూలు, అంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లోని నవజాత శిశు విభాగాలు, చాలా ఉన్నాయి. అక్కడ వారాలు, రోజులు చూసి గడువు పెట్టుకుని, డైపర్ తూచి మూత్రం లెక్క రాసుకుంటూ, అది తగ్గితే తర్వాతి డోసు వెనక్కి జరపడమే దారి. ఫలితం మూడు రోజులకి వచ్చే చోట శాంపిల్ పంపడం కన్నా ఆ పని మేలు.

చెవి దగ్గరికి వద్దాం. కిడ్నీకి జెంటామైసిన్ చేసే హాని చాలావరకు మందు ఆపాక సర్దుకుంటుంది. చెవిలో అలా కాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలు పోతే మళ్ళీ మొలవవు. ముందు సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు పట్టే కణాలు దెబ్బతింటాయి. మీ బాబుకి ఒక్కసారి 2.4 వచ్చింది, అదీ పదకొండు గంటల్లోనే కిందికి వచ్చింది. ఆ ఒక్క అంకె వల్ల చెవి పోతుందని భయపడాల్సిన పని లేదు. ఓఏఈ పరీక్ష చూసేది సరిగ్గా ఆ కేశకణాల పనినే, అది పాసవడం మంచి వార్తే.

కానీ ఓఏఈతో ఆగకండి. కేశకణాలు బాగుండి, అక్కడి నుంచి మెదడుకి కబురు తీసుకెళ్ళే నరంలో లోపం ఉంటే ఓఏఈ దాన్ని పట్టుకోలేదు. పుట్టినప్పుడు ఆక్సిజన్ అందని పిల్లల్లో, నెలలు నిండని పిల్లల్లో అలాంటి లోపం రావచ్చు. దానికి బెరా పరీక్ష కావాలి. బిడ్డ నిద్రలో ఉండగా తలకి చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి చేస్తారు, నొప్పి ఉండదు. బాబుకి మూడు నెలలు నిండేలోపు చేయించండి. అది పాసైనా, ఐదు రోజులకన్నా ఎక్కువ ఈ మందు తీసుకున్న పిల్లలకి తొమ్మిది నెలల లోపు ఆడియాలజిస్ట్ దగ్గర మరోసారి చూపించమని చెబుతాం.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. పాతకాలంలో టీబీకి ఇచ్చిన ఇంజక్షన్ స్ట్రెప్టోమైసిన్ అయి ఉంటుంది. అది జెంటామైసిన్ కుటుంబంలోదే. నెలల తరబడి వేసేవాళ్ళు కాబట్టి ఎవరికైనా వినికిడి తగ్గవచ్చు, అదొక్కటే ఏమీ రుజువు చేయదు. అయితే కొన్ని కుటుంబాల్లో మైటోకాండ్రియాలోని MT-RNR1 అనే జన్యువులో m.1555A>G అనే మార్పు ఉంటుంది. అది ఉన్నవాళ్ళకి ఈ మందు డోసు సరిగ్గా ఉన్నా, లెవెల్స్ అన్నీ హద్దులోనే ఉన్నా చెవి దెబ్బతినవచ్చు. ఇంతసేపు మనం వేసిన లెక్కలేవీ అక్కడ కాపాడవు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి. అంటే మీ అత్తగారి నుంచి మీ ఆవిడకి, ఆమె నుంచి బాబుకి. మీ చెల్లెలి పాపకి దీనితో సంబంధం లేదు. మీ ఆవిడ అక్కచెల్లెళ్ళ పిల్లలకి ఉంది. అన్నదమ్ములకి ఆ మార్పు ఉండవచ్చు, వాళ్ళ పిల్లలకి మాత్రం రాదు.

బ్రిటన్‌లోని మాంచెస్టర్‌లో పసిపిల్లల బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి, అరగంటలోపే ఈ మార్పుని పట్టే పరీక్షని ఎన్‌ఐసీయూలో వాడి చూశారు, 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. మొదటి డోసు ఇచ్చేలోపే తెలిసిపోవాలన్నది వాళ్ళ ఉద్దేశం. మనకి అంత తొందర ఇప్పుడు లేదు. జన్యు పరీక్షలు చేసే ల్యాబ్‌లో MT-RNR1 పరీక్ష అడగండి. ముందు మీ అత్తగారిది చేయించడం మేలు. ఆమెకి ఆ మార్పు లేకపోతే మీ ఆవిడనీ బాబునీ పరీక్షించే పనే ఉండదు. ఉంటే బాబుకి, మీ ఆవిడకి, ఆమె తోబుట్టువులకి జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వద్దని పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి. వేరే యాంటీబయోటిక్స్ ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చి మరో మందు పని చేయని స్థితిలో తప్ప వీటి జోలికి పోరు. ఫలితం వచ్చేదాకా బాబుకి ఎక్కడ చూపించినా ఈ మాట నోటితో చెప్పండి.

పరీక్షలో ఏమీ లేదని తేలితే, బాబుకి రేపు నాలుగైదు నెలల వయసులో మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది వచ్చి ఇదే మందు రాస్తే కంగారు పడకండి. అప్పుడు డోసు కిలోకి 5 నుంచి 7.5 మిల్లీగ్రాములు, రోజుకొకసారి ఉంటుంది. మీ దగ్గరున్న కాగితంతో పోలిస్తే ఎక్కువ మందు, తక్కువ గడువు అనిపిస్తుంది. అప్పటికి కిడ్నీలు వేగం పుంజుకుని మందుని కొద్ది గంటల్లోనే సగం చేస్తాయి, ఒంట్లో నీటి వాటా మాత్రం ఇంకా పెద్దవాళ్ళకన్నా ఎక్కువే. 48 గంటల గడువు ఆ మొదటి వారానిది మాత్రమే, బాబుకి శాశ్వతంగా రాసిపెట్టింది కాదు. అయినా డిశ్చార్జి సమ్మరీలో 2.4, 1.4, 0.8 అంకెలు, వాటి తేదీలు, టైములు లేకపోతే హాస్పిటల్‌కి వెళ్ళి రాయించుకోండి. కేస్ షీట్ వాళ్ళ దగ్గరే ఉంటుంది, అడిగితే ఇస్తారు.